షాప్ డ్రాయింగు 30: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

1981 జూలై 17 సాయంత్రం అమెరికాలోని కాన్సాస్ సిటీలో, హయత్ రీజెన్సీ హోటల్ లాబీ నిండా జనం ఉన్నారు. నృత్య కార్యక్రమం జరుగుతోంది. పైకప్పు నుంచి ఉక్కు రాడ్లతో వేలాడదీసిన నడకవంతెనల్లో నాలుగో అంతస్తుది ఊడి, దాని కిందనే ఉన్న రెండో అంతస్తు వంతెనతో సహా జనం మీద పడింది. 114 మంది చనిపోయారు. తప్పు ఎక్కడ దొర్లిందని వెతికిన వాళ్లు చివరికి చేరింది ఒక కాగితం దగ్గరికి. అది షాప్ డ్రాయింగు 30. తయారీకి ముందు ఇంజినీరు ఆఫీసుకు వెళ్లి, రివ్యూ స్టాంపు వేయించుకుని వచ్చిన కాగితమది. మన సైట్లలో రోజూ నోట నలిగే కొన్ని మాటలకు ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని అర్థం చెప్పాలని ఈ ప్రయత్నం.

షాప్. అంగడి కాదు, వర్క్‌షాప్. ఉక్కును కోసి, బెజ్జాలు వేసి, వెల్డింగ్ చేసే చోటు. మొదట అక్కడి పనివాడి కోసం గీసింది కాబట్టి దానికి ఆ పేరు. ఇప్పుడు డక్టులకూ, అల్యూమినియం కిటికీలకూ, కడ్డీల వంపులకూ గీసేవాటిని కూడా షాప్ డ్రాయింగులే అంటున్నాం.

షాప్ డ్రాయింగు. డిజైన్ డ్రాయింగు గీసేది ఇంజినీరు. అది "ఇలా ఉండాలి" అంటుంది. షాప్ డ్రాయింగు గీసేది కాంట్రాక్టరు, లేదా అతని కింద సామాను తయారుచేసేవాడు. అది "మీరు చెప్పినదాన్ని మేం ఇలా చేయబోతున్నాం" అంటుంది. రెంటిలోనూ అదే బీము కనబడుతుంది గనుక చాలామంది రెండోదాన్ని మొదటిదానికి పెద్ద అచ్చు అనుకుంటారు. నిజానికి అది ఒక జవాబు. ఇంజినీరు చెప్పినదాన్ని తయారీదారు ఎలా అర్థం చేసుకున్నాడో ఇనుము కొయ్యకముందే తెలిసే చోటు అదొక్కటే.

కాన్సాస్ సిటీలో ఇంజినీరు చెప్పింది ఇది: పైకప్పు నుంచి ఒకే రాడ్డు దిగాలి. నాలుగో అంతస్తు వంతెన అడ్డబీములోంచి దూరి, రెండో అంతస్తు వంతెన దాకా రావాలి. ఒక్కో బీము కింద ఒక్కో నట్టు ఆ రాడ్డు మీదే ఉండాలి. తయారీదారు ఇబ్బంది కూడా నిజమైనదే. నాలుగో అంతస్తు నట్టు తన చోటికి చేరాలంటే రాడ్డుకు కింది నుంచి అక్కడి దాకా మర ఉండాలి. అంత పొడవు మరను ఎత్తి నిలబెట్టేలోగా దెబ్బతినకుండా కాపాడాలి. అందుకని షాప్ డ్రాయింగులో రాడ్డును రెండు చేశారు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు బీము దాకా ఒకటి. అదే బీములో కొంచెం పక్కగా ఇంకో బెజ్జం వేసి, అక్కణ్ణుంచి రెండో అంతస్తుకు మరొకటి.

కనెక్షన్. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఉట్టి తాడుకు రెండు కుండలు ఒకదాని కింద ఒకటి కట్టారనుకోండి. ఒక్కో కుండకు తాడు మీద సొంత ముడి ఉంటే, ఒక్కో ముడి ఒక్కో కుండనే మోస్తుంది. తాడు మాత్రం రెంటినీ మోస్తుంది. అలాకాక కింది కుండ తాడును పై కుండ మెడకు కడితే, పై కుండ దగ్గరి ముడి రెండు కుండలనూ మోయాలి. తాడు మీద పడే బరువు మారలేదు, కుండల బరువూ మారలేదు. ముడి మీది బరువు మాత్రం రెట్టింపయింది.

ఆ డ్రాయింగులో జరిగింది అచ్చంగా ఇదే. ఒక నట్టు దగ్గర ఒక వంతెన వాటా బరువు `P` అనుకుంటే, ఒకే రాడ్డు ఉన్నప్పుడు నాలుగో అంతస్తు బీము కింది నట్టు మోసేది `P`. రాడ్డు రెండయ్యాక అదే నట్టు మోసేది `2P`. రాడ్డు లావు లెక్క చూసినవాడికి ఇందులో తేడా కనబడదు. పై రాడ్డు మొదట్లోనూ `2P` మోసింది, మార్పు తర్వాతా `2P` మోసింది. తేడా అంతా నట్టు కింద ఉన్న బీములో ఉంది. ఆ బీము రెండు ఛానళ్లను ఎదురెదురుగా పెట్టి, అంచులు కలిపి వెల్డింగ్ చేసిన పెట్టె. బెజ్జం సరిగ్గా ఆ అతుకు మీదే పడింది. బరువుకు అతుకు విచ్చుకుని, నట్టు బీములోంచి పైకి దూసుకువచ్చింది.

అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ తేల్చిన లెక్క ప్రకారం, కట్టినట్టుగా ఉన్న ఆ కనెక్షన్‌కు కోడ్ అడిగిన బలంలో సుమారు 31 శాతమే ఉంది. మొదటి డిజైన్‌లో ఉన్నట్టు ఒకే రాడ్డు వాడినా సుమారు 60 శాతమే ఉండేది. ఈ రెండో అంకె నాకు మొదటిదానికంటే ముఖ్యం. మార్పుకు ముందు కూడా ఆ కనెక్షన్‌ను ఎవరూ లెక్కగట్టలేదని అది చెబుతోంది. కనెక్షన్ వివరం తయారీదారు చూసుకుంటాడని ఇంజినీరు అనుకున్నారు. ఇంజినీరు చూసే ఇచ్చారని తయారీదారు అనుకున్నారు.

రివ్యూ. 1979 ఫిబ్రవరిలో ఆ ఇంజినీరింగ్ ఆఫీసుకు 42 షాప్ డ్రాయింగులు ఒక్క కట్టగా వచ్చాయి. పది రోజుల్లో తిరిగి వెళ్లాయి. పది రోజులు తక్కువ గడువేమీ కాదు. అయితే 42 షీట్లనూ ఒకే చూపుతో చూస్తే చాలదు. కొలతలు, సంఖ్యలు, గ్రిడ్ లైన్లు సరిపోయాయా అని చూడటం ఒక రకం చూపు. డిజైన్ డ్రాయింగును పక్కన పెట్టుకుని "ఇక్కడ ఆకారం మారిందా, బరువు నడిచే దారి మారిందా" అని వెతకడం ఇంకో రకం. కొలత తప్పితే సైట్‌లో బోల్టు పట్టదు, ఆ తప్పు తానే బయటపడుతుంది. బరువు దారి తప్పితే అన్నీ చక్కగా బిగుస్తాయి. అందువల్ల రివ్యూ చేసేవాడు తన సమయంలో ఎక్కువ భాగం ఈ రెండో చూపుకే ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. ముందుగా కనెక్షన్లు, ఆ తర్వాతే మిగతావి.

స్టాంపు. మన సైట్లలో సాధారణంగా కోడ్‌లు ఉంటాయి: ఆమోదం, కామెంట్లతో ఆమోదం, సవరించి మళ్లీ పంపండి, సమాచారం కోసం మాత్రమే. ఏ అంకెకు ఏ అర్థమో ఒప్పందాన్ని బట్టి మారుతుంది. స్టాంపు కింద చిన్న అక్షరాల్లో మరో మాట ఉంటుంది: ఈ పరిశీలన డిజైన్ ఉద్దేశానికి సరిపోతుందా లేదా అన్నంత వరకే, కొలతలూ పని చేసే పద్ధతీ కాంట్రాక్టరు బాధ్యతే అని. ఆ మాట న్యాయమైనదే. బీము పొడవు అయిదు మిల్లీమీటర్లు తప్పితే ఇంజినీరును అనడానికి లేదు. కాని కనెక్షన్ మారడం డిజైన్ ఉద్దేశమే మారడం. చిన్న అక్షరాలు దాన్ని కప్పలేవు. కాన్సాస్ సిటీ ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. వంతెన కనెక్షన్ బాధ్యత తయారీదారుదన్న వాదన నిలబడలేదు.

"కామెంట్లతో ఆమోదం" అన్న కోడ్ దగ్గర నాకు భయం. గడువు ఒత్తిడిలో అందరికీ అదే సుఖం. కాంట్రాక్టరు పని మొదలుపెడతాడు, కామెంట్లు తర్వాత చూద్దాం అంటాడు. బలానికి సంబంధించిన ఒక్క కామెంటు ఉన్నా ఆ షీటుకు "సవరించి మళ్లీ పంపండి" అనే వేయాలి.

కామెంటు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన కామెంట్లు ఇప్పుడు చదివితే ఏమీ అర్థం కాదు. "చెక్ చేయండి", "స్పెక్ ప్రకారం", "కనెక్షన్ సరిచూసుకోండి". అందుకు కాంట్రాక్టరు "సరిచూశాం" అని రాసి అదే షీటు తిరిగి పంపేవాడు. అతను అబద్ధం చెప్పలేదు. నేను ఏమీ అడగలేదు.

పనికివచ్చే కామెంటులో నాలుగు ఉండాలి: ఎక్కడ, ఏమి చూపారు, ఏమి ఉండాలి, ఇప్పుడు ఏం చేయాలి. షాప్ డ్రాయింగు 30 నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఇలా రాసేవాణ్ణి:

"షీట్ 30, నాలుగో అంతస్తు వంతెన అడ్డబీము, రాడ్డు పట్టే చోటు. ఇక్కడ రాడ్డును రెండుగా తెంచి చూపారు. డిజైన్ డ్రాయింగులో పైకప్పు నుంచి రెండో అంతస్తు దాకా ఒకటే రాడ్డు. ఈ మార్పు వల్ల పై రాడ్డు నట్టు మీద రెండు వంతెనల బరువూ పడుతుంది. ఒకే రాడ్డుకు మార్చండి, లేదా ఈ కనెక్షన్‌కు ఇంజినీరు సంతకంతో లెక్కలు పంపండి. ఆమోదం వచ్చేదాకా ఈ బీములు తయారు చేయవద్దు."

ఇందులో కారణం చెప్పిన వాక్యమే ప్రాణం. కారణం రాస్తే అవతలి డ్రాఫ్ట్స్‌మన్ అదే తప్పు మిగతా షీట్లలో కూడా తానే వెతుక్కుంటాడు. ఇంకోటి, ఫోన్లో చెప్పింది కామెంటు కాదు. ఈ మార్పుకు ఫోన్లో ఒప్పుకున్నారని తయారీదారు పక్షం అంది, అలాంటి ఫోన్ రాలేదని ఇంజినీరు పక్షం అంది. రాతలో ఏమీ మిగల్లేదు.

క్లౌడు. సవరించిన చోటు చుట్టూ గీసే మబ్బు గీత. మబ్బు బయట కూడా ఏదో మార్చి, చెప్పకుండా పంపేవాళ్లు ఉంటారు. అందుకే పాత షీటునూ కొత్త షీటునూ ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి.

రెడ్‌లైన్. సైట్ ఇంజినీరు ఎర్ర పెన్నుతో సైట్ ప్రింటు మీద గుర్తుపెట్టేది. పైపును బీముకు తగలకుండా 150 మిల్లీమీటర్లు జరిపాం, ఈ వాల్వు అటు తిరిగింది, ఇలాంటివి. ఏ రోజుది ఆ రోజే రాయాలి, ఫాల్స్ సీలింగ్ మూసేశాక గుర్తు రాదు.

యాజ్-బిల్ట్. కట్టినది కట్టినట్టు. షాప్ డ్రాయింగు చేయబోయేదాన్ని చెబితే, ఇది అయిపోయినదానికి సాక్ష్యం చెబుతుంది. అందువల్ల రెంటినీ చూసే తీరే వేరు. షాప్ డ్రాయింగును డిజైన్‌తో పోల్చి "ఇది సరైనదేనా" అని అడగాలి. యాజ్-బిల్ట్‌ను కట్టడంతో పోల్చి "ఇది నిజమేనా" అని అడగాలి. దాని మీద "రాడ్డు ఒకటే ఉండాలి" అని కామెంటు రాయడానికి లేదు. అక్కడ రెండు ఉంటే రెండే గీయాలి.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి భవనం యాజ్-బిల్ట్‌లు ఒకసారి నా దగ్గరికి వచ్చాయి. డ్రైనేజీ షీటులో ప్రతి మ్యాన్‌హోల్ అడుగు లెవెల్ డిజైన్‌తో మిల్లీమీటరు తేడా లేకుండా కలిసింది. తవ్వి వేసిన పైపు అలా కలవదు. రెడ్‌లైన్ ప్రింట్లు అడిగితే లేవన్నారు. మేం మూడు మూతలు తీసి కొలిచాం, మూడూ తేడా. పాత షీట్ల పేరు మార్చి పంపారన్నమాట. అన్ని మ్యాన్‌హోల్‌లూ మళ్లీ కొలిచి గీయమని తిప్పి పంపాం.

ఇక కాన్సాస్ సిటీ వంతెనలకు ఎవరైనా నిజాయతీగా యాజ్-బిల్ట్ గీసి ఉంటే, అందులో రెండు రాడ్లూ, రెండు బెజ్జాలూ, అతుకు మీద నట్టూ ఉన్నవి ఉన్నట్టు కనబడేవి. సాక్ష్యంగా అందులో ఒక్క గీత తప్పుపట్టలేం. దాన్ని ఫైల్లో పెట్టుకుని హోటల్ నడిచేది. కూలిన తర్వాత ఆ లాబీలో రెండో అంతస్తు వంతెనను మళ్లీ కట్టారు, ఈసారి నేల నుంచి లేచిన స్తంభాల మీద.