కర్త లేని వాక్యం: బెలుం గుహలు, జర్మన్ నామప్రధాన శైలి

నేటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. 1982–83లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం స్థానికుల సహాయంతో వాటిని వివరంగా అన్వేషించింది. ఇటువంటి అన్వేషణలపై జర్మన్‌లో వెలువడే రచనలను ఆకరాలుగా స్వీకరించే పరిశోధకునికి పదజాలం కంటె నామప్రధాన శైలియే ఎక్కువ చిక్కు తెస్తుంది. క్రియ చెప్పవలసిన పనిని నామపదానికి అప్పగించే ఈ శైలి అక్కడి కచేరీలలోను విద్వద్రచనలలోను స్థిరపడింది. 1911లోనే ఎడ్వర్డ్ ఎంగెల్ తన శైలీగ్రంథంలో ఆ కచేరీ భాషను ఎండగట్టాడు. అయినా అది తగ్గలేదు.

ఉదాహరణకు నేను కల్పించిన ఒక వాక్యం: ‘నాఖ్ డెర్ ఎంట్‌డెక్కుంగ్ డెస్ గాంగెస్ ఎర్‌ఫోల్గ్‌టె ఉంటర్ మిట్‌హిల్ఫె డెర్ డోర్ఫ్‌బెవోనర్ డీ ఫెర్‌మెస్సుంగ్ డెర్ హ్యోలె డుర్ష్ డీ గ్రుప్పె.’ మాటకు మాటగా: ‘మార్గం యొక్క కనుగోలు తరువాత గ్రామస్థుల యొక్క తోడ్పాటుతో బృందంచేత గుహ యొక్క కొలత జరిగింది.’

ఇక్కడ సమాపక క్రియ ‘ఎర్‌ఫోల్గ్‌టె’ ఒక్కటే. అది భూతకాలాన్ని తప్ప దాదాపు ఏమీ చెప్పదు. అసలు పనులు నామాలలో దాగి ఉన్నాయి. వాటిని క్రియలుగా మారిస్తే కనుగొనడం, తోడ్పడడం, కొలవడం అనే మూడు పనులు తేలుతాయి. ఆపై ప్రతి షష్ఠిని ప్రశ్నించాలి. మార్గం కనుగొనబడినది, గుహ కొలవబడినది, ఇవి కర్మలు. గ్రామస్థులు మాత్రం తోడ్పడినవారు, అంటే కర్తలు. విభక్తి ఒకటే, కారకం వేరు. కృదంత యోగంలో కర్తకూ కర్మకూ షష్ఠి వస్తుందన్న పాణినీయ నియమం తెలిసిన మనకు ఇది కొత్త కాదు. ‘డుర్ష్’ వెంట వచ్చిన బృందం కొలిచినవారు.

విప్పిన రూపం: ‘మార్గాన్ని కనుగొన్న తరువాత బృందం గ్రామస్థుల తోడ్పాటుతో గుహను కొలిచింది.’ అయితే మార్గాన్ని కనుగొన్నదెవరు? మూలం చెప్పలేదు. నా తెలుగు వాక్యమే అసమాపక క్రియ వల్ల ఆ పనిని చప్పున బృందానికి అంటగట్టింది! గ్రామస్థుడొకడు ముందే చూపి ఉండవచ్చు. కాబట్టి ‘మార్గం కనుగొనబడిన తరువాత’ అనడమే న్యాయం. తెలుగులో కృతకంగా కనిపించే కర్మణి ప్రయోగం ఇక్కడ మూలానికి నమ్మకంగా ఉంటుంది. స్థానికుల పాత్రను నిర్ణయించే చరిత్రలో ఈ తేడా చిన్నది కాదు.

‘ఉంగ్’తో ముగిసే ప్రతి పదమూ విప్పదగినది కాదు. ‘త్సైష్నుంగ్’ గీయడమూ కావచ్చు, గీసిన పటమూ కావచ్చు. దాని పక్కన ‘ఎర్‌ఫోల్గ్‌టె’ ఉంటే అది పని. దానికి కొలతలో, భద్రపరచిన చోటో చెప్పి ఉంటే అది వస్తువు. వస్తువును క్రియగా విప్పితే ఎన్నడో గీసిన పటాన్ని ఆ యాత్రలోనే గీసినట్లు రాసే ప్రమాదం ఉంది.