నష్టం వచ్చిన ఏడాది రిటర్న్: చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం వ్యాపారులు తెలుసుకోవలసింది

చింతామణి మండీలోనైనా, బాగేపల్లి బస్టాండు దగ్గర అంగడిలోనైనా మాకు తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఈసారి నష్టమే కదా, పన్ను కట్టేదేముంది, రిటర్న్ ఎందుకు వేయాలి?" పన్ను లేదన్నంత వరకు ఆ మాట నిజమే. కానీ వచ్చే ఏళ్లలో లాభం వచ్చినప్పుడు ఈ నష్టాన్ని అందులోంచి తీసేసుకునే హక్కు ఒకటుంది. గడువులోగా రిటర్న్ వేయకపోతే ఆ హక్కు పోతుంది. లాభం వచ్చిన ఏడాది రిటర్న్ ఆలస్యమైతే వడ్డీ, ఫీజు కట్టి బయటపడవచ్చు. నష్టం వచ్చిన ఏడాది ఆలస్యమైతే నష్టమే లెక్కలోంచి జారిపోతుంది.

వ్యాపారానికి ఏడాది అనేది మనం గీసుకున్న గీత మాత్రమే. గూళ్ల ధర పడిపోయిన ఏడాది పోయిన డబ్బును తర్వాత రెండు మూడేళ్ల లాభంతోనే పూడ్చుకుంటాం. అందుకే చట్టం పాత నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనిస్తుంది. అయితే ఎంతకాలం, దేనిలోంచి, ఎవరు అన్న మూడు చోట్లా హద్దులు పెట్టింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 72వ సెక్షన్ ఈ హక్కునిస్తే, 80వ సెక్షన్ గడువు షరతు పెట్టింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. ఎనిమిదేళ్ల హద్దు మాత్రం అలాగే ఉంది. మన ఆడిటర్లు ఇంకా పాత అంకెలే వాడుతున్నారు కనుక మేమూ ఇక్కడ వాటినే వాడుతున్నాం.

ముందు ఏది వ్యాపారమో, ఏది వ్యవసాయమో తేల్చుకోవాలి. మన ప్రాంతంలో చాలామంది పొరబడేది ఇక్కడే. టమోటా పండించిన రైతుకు ధర లేక నష్టం వస్తే అది వ్యవసాయ నష్టం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆ నష్టాన్ని అంగడి లాభంలోంచి తీసేయడం కుదరదు. అదే టమోటాను మండీలో కొని అమ్మే వ్యాపారికి నష్టం వస్తే అది వ్యాపార నష్టమే. పట్టుగూళ్ల సంగతి మరికాస్త చిక్కు. మల్బరీ ఆకు పొలంలో పండినదే అయినా, దాన్ని తిని పురుగు కట్టిన గూడు వ్యవసాయ ఉత్పత్తి కాదని కె. లక్ష్మణన్ అండ్ కో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక శిడ్లఘట్ట మార్కెట్లో గూళ్లు కొని దారం తీసే రీలింగ్ అయితే పూర్తిగా వ్యాపారమే. అందులో వచ్చే నష్టం ముందుకు తీసుకెళ్లదగినదే.

అలాంటి రీలింగ్ యూనిట్‌నే లెక్క కోసం ఊహించుకుందాం. యజమాని ఒక్కరే, వేరే ఆదాయమేదీ లేదు. లెక్కల పుస్తకాలు రాస్తారు. కోవిడ్ దెబ్బ తగిలిన 2020-21లో మొత్తం నష్టం 6,00,000 రూపాయలు. అందులో 1,50,000 యంత్రాల మీద రాసుకున్న తరుగు, అంటే ఆడిటర్లు డిప్రిసియేషన్ అనేది. మిగిలిన 4,50,000 అసలు వ్యాపార నష్టం. ఈ రెండిటినీ విడిగా చూడాలి, ఎందుకంటే చట్టం వాటిని రెండు రకాలుగా చూస్తుంది. వ్యాపార నష్టానికి ఎనిమిదేళ్ల ఆయుష్షు, గడువు షరతు రెండూ ఉన్నాయి. తరుగుకు ఈ రెండూ లేవు. 1996లో తరుగుకు కూడా ఎనిమిదేళ్ల హద్దు పెట్టారు గానీ, 2001 ఫైనాన్స్ చట్టం దాన్ని తీసేసింది.

2020-21 ఆర్థిక సంవత్సరానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2021-22. ఆడిట్ అవసరం లేనివారికి ఆ ఏడాది గడువును పొడిగిస్తూ పోయి చివరికి 2021 డిసెంబర్ 31 చేశారు. అలా పొడిగించిన తేదీ కూడా చట్టం దృష్టిలో గడువే. మన యజమాని ఆలోగా రిటర్న్ వేశారనుకుందాం. అసెస్‌మెంట్ సంవత్సరం తర్వాత వచ్చే ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాలు లెక్కపెడితే 2029-30తో ముగుస్తాయి. అంటే 2028-29లో వచ్చే లాభం దాకా ఆ 4,50,000ను వాడుకోవచ్చు. ఆ తర్వాత ఎంత మిగిలినా అది పోయినట్టే.

2021-22లో ఆ ఏటి తరుగు తీసేశాక 2,00,000 లాభం వచ్చింది. పాత వ్యాపార నష్టంలోంచి 2,00,000 అక్కడ సర్దుబాటయింది, 2,50,000 మిగిలింది. 2022-23లో లాభం 1,00,000. మిగిలింది 1,50,000. ఇక్కడ కాస్త ఆగాలి. ఆ రెండేళ్ల లాభం ఎలాగూ పన్ను పడని 2,50,000 హద్దు లోపలే ఉంది. అంటే పాత నష్టం వాడకపోయినా పన్ను ఉండేది కాదు. అయినా దాన్ని దాచిపెట్టి మంచి ఏడాదికి అట్టేపెట్టుకోవడం కుదరదు. లాభం ఉన్న మొదటి ఏడాదే సర్దుబాటు కావాలని చట్టం అంటుంది, మన ఇష్టానికి వదలలేదు. చిన్న వ్యాపారికి ఈ హక్కులో సగం ఇలా ఊరికే ఖర్చయిపోతుంది. ఇది అన్యాయమనే మా అభిప్రాయం. కానీ రూలు అదే.

2023-24లో గూళ్లు, దారం ధరలు కలిసొచ్చి 9,00,000 లాభం వచ్చింది. ముందు మిగిలిన వ్యాపార నష్టం 1,50,000, ఆ తర్వాత పాత తరుగు 1,50,000 తీసేస్తారు. ఈ వరుస కూడా చట్టం చెప్పిందే. ఎనిమిదేళ్లలో చచ్చిపోయే నష్టం ముందు, చావులేని తరుగు తర్వాత. మిగిలిన ఆదాయం 6,00,000. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 7,00,000 దాకా రిబేటు ఉంది కనుక కట్టవలసింది సున్నా.

ఇప్పుడు అదే యజమాని రిటర్న్‌ను 2022 ఫిబ్రవరిలో ఆలస్యంగా వేశారనుకోండి. 4,50,000 నష్టం పోయింది. తరుగు 1,50,000 మాత్రం నిలిచింది, అది 2021-22 లాభంలోనే కరిగిపోయింది. 2023-24కు చేతిలో ఏమీ లేదు. 9,00,000 మీద పన్ను 45,000, సెస్సు 1,800, కలిపి 46,800 రూపాయలు. రెండు నెలల ఆలస్యానికి పడిన ధర అది.

గడువు షరతు నష్టం వచ్చిన ఆ ఏడాదికి మాత్రమే. ఆ ఏడాది సకాలంలో వేసి, మూడేళ్ల తర్వాత ఏదో రిటర్న్ ఆలస్యమైతే పాత నష్టం పోదు. అలాగే గడువులో వేసిన రిటర్న్‌లో తప్పు దొర్లితే సవరించిన రిటర్న్ వేసుకోవచ్చు.

చాలా చిన్న అంగళ్లవాళ్లు లెక్కలు రాయడం కష్టమని 44AD కింద అమ్మకాల్లో 8 శాతమో, బ్యాంకు ద్వారా వచ్చిన దానిమీద 6 శాతమో లాభంగా చూపించి ITR-4 వేస్తారు. ఆ పద్ధతిలో నష్టమన్న మాటే ఉండదు. నిజంగా నష్టం వచ్చినా లాభం వచ్చినట్టే లెక్క. నష్టం చూపాలంటే ఆ పద్ధతి వదిలి, పుస్తకాలు రాసి ITR-3 వేయాలి. అలా ఒకసారి వదిలితే తర్వాత ఐదేళ్లు మళ్లీ 44ADలోకి రానివ్వరు. కాబట్టి చిన్న నష్టానికి వదలడం లాభం కాకపోవచ్చు. పెద్ద నష్టమైతే ఆడిటర్ దగ్గర కూర్చుని లెక్క వేయించుకోండి. ITR-3లో Schedule CFL అనే పట్టికలో ఏ ఏటి నష్టం ఎంత మిగిలిందో కనిపిస్తుంది. తరుగుకు Schedule UD వేరుగా ఉంటుంది. ఏటా ఈ రెండు పేజీలు ప్రింటు తీసి దాచండి. ఆడిటర్ మారినప్పుడు పాత అంకెలు కొత్త రిటర్న్‌లోకి రాకపోవడం మామూలే. శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌తో ఆ పట్టికను పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

దేనిలోంచి తీసేయవచ్చన్నది రెండో హద్దు. నష్టం వచ్చిన అదే ఏడాదిలో ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ వంటి వాటిలోంచి తీసేయవచ్చు, జీతంలోంచి మాత్రం కాదు. తర్వాతి ఏళ్లకు వెళ్లాక వ్యాపార లాభంలోంచే తీయాలి. అదే వ్యాపారం కానక్కరలేదు. ఒకప్పుడు అదే వ్యాపారం నడుస్తూ ఉండాలన్న షరతు ఉండేది, 1999 ఫైనాన్స్ చట్టం దాన్ని ఎత్తేసింది. రీలింగ్ మానేసి ఎరువుల అంగడి పెట్టినా పాత నష్టం పనికొస్తుంది. మన పిల్లలు ఫోన్లో చేసే ఇంట్రాడే షేర్ల నష్టం మాత్రం వేరే గూట్లోది. దానికి నాలుగేళ్లే ఆయుష్షు, అదీ అలాంటి లాభంలోంచే.

మూడో హద్దు మనుషులది. తండ్రి కాలం చేశాక వ్యాపారం వారసత్వంగా కొడుకుకో కూతురికో వస్తే పాత నష్టం కూడా వెంట వస్తుంది. తండ్రి బతికుండగానే అంగడిని కొడుకు పేరున మార్చేస్తే రాదు. భాగస్వామ్య సంస్థలోంచి ఒక అన్న తప్పుకుంటే, నష్టంలో ఆయన వాటా సంస్థకు దక్కకుండా పోతుంది. పంపకాల తేదీ పెట్టుకునే ముందు పెద్దలు ఒకసారి Schedule CFL తెరిచి చూడడం మంచిది.

ఈ హద్దులు మన దేశానికే ప్రత్యేకం కాదు. అమెరికాలో 2018 నుంచి వచ్చిన నష్టాలకు కాలం హద్దు లేదు గానీ, ఏడాది ఆదాయంలో 80 శాతానికి మించి వాడుకోనివ్వరు. బ్రిటన్‌లో పెద్ద కంపెనీలకు 50 లక్షల పౌండ్లు దాటిన లాభంలో సగమే. మన దగ్గర మొత్తంగా తీసేసుకోనిచ్చి, గడియారం మాత్రం పెట్టారు.

గడువు ఇప్పటికే దాటిపోయినవారికి ఒక దారి మిగిలింది. జబ్బు, మరణం వంటి నిజమైన ఇబ్బంది వల్ల ఆలస్యమైందని చూపిస్తూ 119(2)(b) కింద మన్నింపు కోరవచ్చు. 2024 అక్టోబర్ 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోగా దరఖాస్తు చేయాలి. కోటి రూపాయల లోపు నష్టమైతే కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. ఆసుపత్రి కాగితాలు, ఆ కాలపు లెక్కలు జతచేయాలి. "మరిచిపోయాం" అన్న కారణం నిలవడం కష్టం. మనం లెక్క వేసిన 2020-21 నష్టానికైతే ఆ దరఖాస్తు గడువు 2027 మార్చి 31.