ఫ్లోరెన్స్‌లో రాయి, కంచు, కర్ర

ఫ్లోరెన్స్ నగరంలోని పియాత్సా డెల్లా సిన్యోరియా కూడలిలో 1554 నుంచి 1873 దాకా రెండు విగ్రహాలు కూతవేటు దూరంలో నిలిచి ఉండేవి. పాలనా భవనం గుమ్మం ముందున్నది మైకెలాంజిలో చెక్కిన పాలరాతి డేవిడ్. పక్కనున్న తోరణాల మండపంలోది బెన్వెనూతో చెల్లీని పోతపోసిన కంచు పెర్సియస్. ఇద్దరూ శత్రువు తల నరికిన వీరులే. అయినా డేవిడ్ దగ్గర గొలయత్ తల ఎక్కడా కనిపించదు. పెర్సియస్ మాత్రం మెడూసా తలను జుట్టు పట్టి, చెయ్యి చాచి లోకానికి చూపిస్తున్నాడు. ఈ తేడాలో సగం శిల్పుల ఊహది, సగం వాళ్ల చేతికొచ్చిన పదార్థానిది.

పాలరాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ వంపును ఓర్చుకోదు. చాచిన చెయ్యి తన బరువుకు తానే భుజం దగ్గర విరిగే ప్రమాదముంది. పైగా డేవిడ్‌కి దొరికిన రాయి కొత్తది కాదు. 1464లో ఒక శిల్పి, 1476లో ఇంకొకరు మొదలుపెట్టి వదిలేశాక, చర్చి పెరట్లో పాతికేళ్లు ఎండకీ వానకీ పడి ఉంది. ఎత్తు బాగా ఉంది, మందం చాలదు. 1501లో 26 ఏళ్ల మైకెలాంజిలో దాన్ని తీసుకున్నాడు. ముందుకు అడుగు వేయించడానికి చోటు లేదు. అందుకే కుడి చెయ్యి తొడ పక్కన వేలాడుతుంది, ఎడమ చెయ్యి మడిచి ఒడిసెలతో భుజం మీదికి చేరుతుంది. పోరు ఇంకా మొదలుకాలేదు. కదలిక అంతా మెడ తిరగడంలో, నుదుటి ముడతలో, కుడి చేతి నరాల ఉబ్బులో దాగుంది. రాయి కాదన్నదాన్ని మైకెలాంజిలో కథలోని ఉత్కంఠగా మార్చుకున్నాడని నా నమ్మకం.

కుడికాలి వెనక ఒక చెట్టు మోడు ఉంది. అది అలంకారానికి పెట్టింది కాదు. అయిదు మీటర్లు దాటిన ఆ బొమ్మ అయిదు టన్నులకు పైగా తూగుతుంది, ఆ బరువంతా చీలమండల మీదే. మోడు తోడున్నా అక్కడ సన్నని పగుళ్లు వచ్చాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో వెయిల్డ్ రెబెక్కా మేలిముసుగును దగ్గరగా చూసినా రాయి స్వభావం తెలుస్తుంది. ఆ బట్ట గాలిలో వేలాడదు, ముఖానికి అంటుకునే ఉంటుంది. పలచదనమంతా పైపొర చెక్కడంలోని నేర్పే.

కంచు సంగతి వేరు. ముందు మట్టి గుండె, దానిమీద మైనంతో బొమ్మ, మైనానికి గొట్టాలు, ఆపైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. బొమ్మ లోపల బోలు, లోహానికి సాగే గుణముంది. కాబట్టి చాచిన చెయ్యి నిలుస్తుంది, మోడు అక్కర్లేదు. కానీ ఇక్కడ ప్రమాదమంతా ఒక్క రాత్రిలో ఉంటుంది. రాతిలో తప్పు ఉలిదెబ్బకో తప్పుగా తెలుస్తుంది. పోతలో అచ్చు పగలగొట్టేదాకా ఏమీ తెలియదు.

మూడు మీటర్లకు పైబడిన పెర్సియస్‌లో, పైకెత్తిన మెడూసా తల పోతలో రాదని, ఆ బొమ్మ చేయించిన డ్యూక్ కోసిమో అనుమానపడ్డాడు. చెల్లీని అంచనా అందుకు తలకిందులు: తల వస్తుంది, అనుమానమల్లా పాదం మీదే. లోహం పైనుంచి దిగుతుంది, అడుగుకి చేరేలోగా చల్లబడుతుంది. 1549లో పోత రోజున జ్వరంతో పడుకున్నాడు. కొలిమిలో కంచు గడ్డకట్టిందని కబురొచ్చింది. లేచివచ్చి ఎండిన ఓక్ కట్టెలు వేయించి మంట పెంచాడు, తగరం కలిపాడు. అప్పటికీ పారకపోతే ఇంట్లోని సుమారు 200 తగరపు పళ్లేలు, గిన్నెలు అందులోకి విసిరానని ఆత్మకథలో రాసుకున్నాడు. అది పిచ్చిపని కాదు. తగరం కలిస్తే మిశ్రమం తక్కువ వేడికే కరుగుతుంది, సులువుగా పారుతుంది. అచ్చు విప్పితే తల చక్కగా వచ్చింది. కుడిపాదం వేళ్ల దగ్గర మాత్రం లోహం చాలలేదు.

కర్రకు ఈ ఒక్కరాత్రి గండం లేదు, దాని గొడవ ఏళ్లతరబడి సాగుతుంది. పీచు వెంబడి బలం, పీచుకి అడ్డంగా బలహీనం. ఆరేకొద్దీ చుట్టుకొలత ఎక్కువగా కుంచించుకుపోయి, దుంగ అంచునుంచి నడిమికి చీలుతుంది. అందుకే బొమ్మ రూపం మాను నిలువునే పట్టుకుంటుంది. రాయీ కంచూ రెండింట్లో చేయితిరిగిన డొనటెల్లో, 15వ శతాబ్దం నడుమ మగ్దలేన మరియను తెల్ల పోప్లర్ కర్రలో చెక్కాడు. 188 సెంటీమీటర్ల ఎండిన దేహం, ఉపవాసాలకు గుంటలు పడ్డ బుగ్గలు, ఒంటిమీది గుడ్డా జుట్టూ కలిసిపోయి నిలువుగా జారే పోగులు. జోడించబోతున్న అరచేతుల మధ్య కాస్త ఎడం. పాలరాతి నునుపు ఆ చర్మాన్ని అందంగా మార్చేసేది, కంచు మెరుపు దాన్ని గట్టిపరిచేది.

కర్ర మీద సుద్దపూత, దానిమీద రంగు పడతాయి. కాబట్టి ఈ శిల్పి చిత్రకారుడి పని కూడా చేయగలడు. 1966 నవంబర్ వరదలో ఈ బొమ్మ దెబ్బతింది. బాగుచేసేటప్పుడు తర్వాతివాళ్లు పూసిన గోధుమరంగు తొలగిస్తే, అడుగున ఎండకు కమిలిన ఒంటిరంగు, జుట్టులో బంగారు చారలు బయటపడ్డాయి. అంతకాలం అందరూ చూసింది పశ్చాత్తాపంతో కృశించిన ముసలామెనే. డొనటెల్లో మాత్రం ఆ శరీరంలో పాత సౌందర్యపు ఆనవాలును కూడా ఉంచాడు.