నీతికి ఆధారం: కృష్ణా జిల్లాలో మత సంప్రదాయాలు, నాస్తికోద్యమం

ఏది మంచి, ఏది చెడు అని తేల్చడానికి చివరి ప్రమాణం ఏమిటన్న చర్చ చాలా పాతది. దైవం, వేదం, కర్మ, మనిషి వివేకం, సంఘం అంటూ ఒక్కో సంప్రదాయం ఒక్కో ఆధారాన్ని చూపింది. మతం లేకపోతే నీతి నిలుస్తుందా అన్న వివాదం ఈ చర్చ నుంచే పుట్టింది. తెలుగునాట ఈ వివాదం గ్రంథాలు దాటి పెళ్లిపందిళ్లలోకీ పంక్తిభోజనాల్లోకీ వచ్చింది ప్రధానంగా పాత కృష్ణా జిల్లాలో. ఆ జిల్లాలోని మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాలు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

ప్రాచీన నేపథ్యం

ఈ మెట్టలో నీతిచింతనకు దొరికే పాత సాక్ష్యం జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు దానం చేసినట్టు శాసనం చెబుతోంది. సమస్త ప్రాణుల మేలు కోసం ఆ దానం చేశానని అతను చెప్పుకున్నాడు. ఆయకం స్తూపం చుట్టూ నాలుగు దిక్కుల్లో ముందుకు పొడుచుకువచ్చే వేదిక. ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు నిలుపుతారు. అంటే ఒక చేతిపనివాడు ఒక దిక్కు స్తంభాలన్నీ ఇచ్చాడన్నమాట. బౌద్ధంలో దానానికి ఫలమిచ్చే దేవుడు లేడు. మనసులోని సంకల్పమే కర్మ, ఆ కర్మే ఫలాన్ని తెస్తుంది. సృష్టికర్తను ఒప్పుకోకుండానే ఒక మతం నీతిని నిలబెట్టగలదనడానికి ఈ స్తంభాలు సాక్ష్యం.

వైదికంలోనూ సంగతి అనుకున్నంత సులువుగా లేదు. తెలుగు బ్రాహ్మణుల్లో చాలామంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం ప్రకారం ధర్మాధర్మాలు తమంతట తాము వచ్చి ఇదీ మేము అని చెప్పవు, దేవతలూ పితృదేవతలూ కూడా చెప్పరు. పెద్దలు మెచ్చే పని ధర్మం, నిందించే పని అధర్మం. మీమాంసకులు వేదవిధినే ప్రమాణంగా పట్టుకున్నారు. ధర్మానికి ఈశ్వరుడి అవసరం లేదన్నారు. అయితే ఆ మెచ్చే పెద్దలు ఎవరన్న దగ్గరే వర్ణవ్యవస్థ వచ్చి కూర్చుంది.

ఆ తర్వాతి శతాబ్దాల్లో భక్తి, వీరశైవం, ఇస్లాం, వేమన, క్రైస్తవ మిషన్లు వరసగా వచ్చాయి. దేవుడు ఎవరైనా, తీర్పు చెప్పేవాడు పైన ఉన్నాడన్న నమ్మకం జనంలో స్థిరపడింది.

కవిరాజు

ఇరవయ్యో శతాబ్దంలో తొలి గట్టి ఎదురుప్రశ్న కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) వేశారు. ఆయన కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడ్డారు. ‘శంబుకవధ’ నాటకంలో తపస్సు చేసిన శూద్రుణ్ణి చంపడం ఎలా ధర్మమైందని నిలదీశారు. ‘సూతపురాణం’లో పురాణ కథలను నీతి గీటురాయి మీద పెట్టి చూశారు. దైవం చేసింది కాబట్టి మంచిదా, మంచిది కాబట్టి దైవం చేసిందా అన్న చిక్కు ఆయన రచనల్లో కథారూపంలో కనిపిస్తుంది. పూజారి లేని పెళ్లి కోసం తెలుగులో వివాహవిధి కూడా రాశారు. మతాన్ని ఖండించి ఊరుకోకుండా దాని పనిని చేపట్టే ఏర్పాటు ఒకటి చూపించారు.

గోరా, ముదునూరు, పటమట

ఆ ఏర్పాటును సంస్థగా మలిచినవారు గోరా అనే గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. ఆ దశకం చివర్లో మచిలీపట్నం హిందూ కళాశాల కొలువునూ వదిలారు. గ్రామస్థుల ఆహ్వానం మీద ముదునూరు వెళ్లి, భార్య సరస్వతితో కలిసి 1940 ఆగస్టు 10న నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. గర్భిణులు గ్రహణం చూడకూడదన్న నమ్మకాన్ని సరస్వతి తాను గర్భంతో ఉన్నప్పుడే గ్రహణం చూసి తోసిపుచ్చారు. పున్నమి రోజుల్లో అన్ని కులాలవారికీ సహపంక్తి భోజనాలు పెట్టేవారు. వెన్నెల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఊరంతా చూసేది. ఆ భోజనాల బలమంతా అలా అందరికీ కనబడడంలోనే ఉంది.

నాస్తికుడు నీతిగా బతకగలడా అన్న ప్రశ్న గోరాకు పెద్ద ప్రశ్న కాదు. బతుకుతున్నవాళ్లు కళ్లెదుటే ఉన్నారు. ఎవరూ చూడనప్పుడు మనిషిని తప్పు చేయకుండా ఆపేది ఏమిటన్నది అసలు చిక్కు. మతం దగ్గర దానికి సిద్ధంగా జవాబుంది: దేవుడు చూస్తాడు, కర్మ వెంటాడుతుంది. గోరా ఈ జవాబును తిరగేశారు. పైవాడు చూస్తాడన్న నమ్మకం మనిషిని తన పనికి తాను బాధ్యుణ్ణి కానని అనుకునేలా చేస్తుందని, కష్టానికి తలరాత కారణమని సరిపెట్టుకోవడం నేర్పుతుందని వాదించారు. దీనికి ఆయన పెట్టిన పేరు బానిస మనస్తత్వం. తాను స్వతంత్రుణ్ణని గుర్తించినవాడే తన పనికి జవాబుదారీ వహించగలడన్నది ఆయన సిద్ధాంతానికి మూలం.

గాంధీతో చర్చ

ఈ వాదానికి గట్టి పరీక్ష సేవాగ్రామంలో జరిగింది. గోరా 1941లో గాంధీకి ఉత్తరం రాస్తే ప్రోత్సాహకరమైన జవాబు రాలేదు. నాస్తికత్వం తనను తాను కాదనుకోవడమేనన్నది గాంధీ అభిప్రాయం. 1944 చివర్లో ఇద్దరూ ముఖాముఖి కలిశారు. దైవం లేకపోవడానికీ నాస్తికత్వానికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు. మొదటిది లేమి మాత్రమేననీ, రెండోది బతికే పద్ధతి అనీ గోరా చెప్పారు.

గోరా చూపిన ఉదాహరణ బెంగాల్ కరువు. కలకత్తా వీధుల్లో అన్నం లేక జనం చనిపోతున్నారు. పక్కనే మిఠాయి దుకాణాలు నిండుగా ఉన్నాయి. అయినా ఆకలితో ఉన్నవాడు చెయ్యి చాచి తీసుకోలేదు. అంతా దైవాధీనమని, తన రాత ఇంతేనని అతను నమ్మాడు. తిని బతుకుతున్నవాడు కూడా అవతలివాడి చావు తన బాధ్యత కాదని, అది వాడి ఖర్మ అని నమ్మాడు. ఒకే నమ్మకం ఒకరిని చంపింది, మరొకరిని రాయిని చేసింది. ఇద్దరూ నాస్తికులైతే ఆ అన్నం వీధిలోకి వచ్చేదని గోరా వాదన.

ఈ వాదనలో బలం ఎంతో బలహీనతా అంత ఉంది. దుకాణం మీద పడకపోవడానికి పోలీసుల భయం, నీరసం కూడా కారణాలై ఉండవచ్చు. కరువులో గంజి కేంద్రాలు నడిపినవారిలో భక్తులూ ఉన్నారు. అయినా కర్మసిద్ధాంతం చూసేవాడి మనసును ఎలా మొద్దుబారుస్తుందన్న గోరా పరిశీలనను తోసివేయడం కష్టం. గాంధీ తోసివేయలేదు కూడా. తన ఆస్తికత్వం ఒప్పు అనీ, గోరా నాస్తికత్వం తప్పు అనీ చెప్పలేనన్నారు. ఇద్దరం సత్యాన్వేషకులమేనని ఒప్పుకున్నారు. దేవుడే సత్యం అనే మాట నుంచి సత్యమే దేవుడు అనే మాటకు గాంధీ అంతకు ముందే వచ్చి ఉన్నారు. ఆ దారిలోనే నాస్తికుడికీ చోటు దొరికింది. ఈ సంభాషణలను గోరా పుస్తకంగా రాయగా 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది.

సేవాగ్రామం పెళ్లి

గోరా పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైంది. సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. అప్పుడు ప్రమాణం సంగతి వచ్చింది. దేవుని సాక్షిగా అనే మాట నాస్తికుల నోట ఎలా పలికించాలి? ఆ చోట సత్యం అనే మాట ఉంచడానికి గాంధీ అంగీకరించారు. జీవితమంతా ప్రార్థన మీద నడిచిన మనిషి ఆ మాట వదులుకోవడానికి సిద్ధపడడం చిన్న విషయం కాదు. పెళ్లి జరిగేనాటికి గాంధీ లేరు. ఆయన హత్య జరిగిన ఆరు వారాలకు, 1948 మార్చి 13న, అనుకున్న చోటే ఆ పెళ్లి జరిగింది.

ప్రమాణానికి బలం దేవుడి పేరు నుంచి వస్తుందా, ఇచ్చినవారి మాట నుంచి వస్తుందా అన్న ప్రశ్నకు ఈ పెళ్లి ఆచరణలో ఒక జవాబు. 1960లో గోరా కొడుకు లవణం, కవి గుర్రం జాషువా కూతురు హేమలత పెళ్లి చేసుకున్నారు. కులం దాటడం ఆ ఇంట రెండో తరానికి వాడుకైపోయింది.

బాహాటత, దాని పరిమితి

1972లో వచ్చిన ‘పాజిటివ్ ఎథీయిజం’ అనే ఆంగ్ల గ్రంథంలో గోరా తన నీతిసిద్ధాంతాన్ని కూడగట్టారు. నీతి సామాజిక అవసరం. దాపరికం అవినీతికి తల్లి. మనిషి ఏం చేసినా పదిమందికీ తెలిసేలా చేస్తే, చెప్పుకోలేని పని చేయడు. చూసే దేవుడి స్థానంలో ఆయన చూసే సంఘాన్ని నిలబెట్టారు. ఎం.ఎన్. రాయ్ అనుచరులు నీతిని మనిషికి సహజమైన వివేకంలో వెతికారు. తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి ఆ ధోరణికి పేరుపొందిన ప్రతినిధి. రాయ్ దారి లోతైనదే కాని, ఆచరణకు దగ్గరగా ఉన్నది గోరా దారి.

చూసే సంఘమే చెడ్డదైతే ఏమిటన్న ప్రశ్న ఈ సిద్ధాంతానికి పెద్ద సవాలు. తెలంగాణలో దళిత బాలికలను జోగినులుగా దేవతకు అంకితం చేసే ఆచారం రహస్యంగా జరగలేదు. గుడి ముందు, ఊరి పెద్దల ఎదుట, డప్పులతో జరిగింది. అందరికీ తెలుసు, ఎవరికీ తప్పనిపించలేదు. దేవుడి పేరు అన్యాయానికి కాపుకాసిన చోట బాహాటత కూడా దాన్ని ఆపలేకపోయింది.

ఈ చిక్కును ఎదుర్కొన్నది హేమలతా లవణం. జోగినుల దగ్గరికి వెళ్లకముందు ఆమె, భర్త లవణం 1970ల్లో స్టూవర్టుపురంలో పనిచేశారు. నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకలవారి కోసం ఏర్పరచిన సెటిల్‌మెంటు అది. దాన్ని మొదట సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. ప్రార్థన, పని, హాజరు అనే క్రమశిక్షణతో మనిషిని మార్చవచ్చని ఆ సంస్థ నమ్మింది. 1952లో ఆ చట్టం రద్దయినా దొంగలన్న ముద్ర పోలేదు. లవణం దంపతులు ఆ కుటుంబాలతో కలిసిమెలిసి, నేరం విడిచినవారికి ఊళ్లో మర్యాద దొరికేలా చూడడానికి ప్రయత్నించారు. మతం చేపట్టిన పనినే నాస్తికులు మరో ఆధారం మీద అదే ఊళ్లో కొనసాగించారు.

తర్వాత హేమలత నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. వారికి చదువు, పెళ్లి, భూమి కావాలన్నారు. ఉపదేశం చాలదని ఆ పనిలోనే తేలింది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ, జోగినీ అంకితాలను నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. దేవుడు ఆపని, ఊరు ఆపని తప్పును శిక్షించే అధికారం చట్టం చేతికి వచ్చింది. నీతికి మతం అవసరమా అన్న ప్రశ్నకు కృష్ణా జిల్లా నాస్తికోద్యమం ఇచ్చిన జవాబు ఇక్కడిదాకా వచ్చింది: మతం అవసరం లేదు, కాని మంచి మనసూ బాహాటతా మాత్రమే చాలవు, బలహీనుడి పక్షాన నిలబడే చట్టమూ కావాలి.