రెండు తూర్లు పడిన మాట

నా నవల ప్రూఫులు వచ్చినప్పుడు నేను నాలుగుసార్లు చదివాను. తప్పుల్లేవని ధీమాగా కట్ట కట్టేసి పెట్టాను. మా అత్తమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలోనే ఆగి, "ఇదేంది మే, ఈ 'ఆమె' రెండు తూర్లు పడింది?" అంది. చూద్దును కదా, పంక్తి చివర ఒక 'ఆమె', కింది పంక్తి మొదట్లో ఇంకో 'ఆమె'!

అది నవ్వుకుని కొట్టేయగల తప్పే. అసలు గుండె గుభేలుమన్నది ఇంకో చోట. "తప్పు ఆమెది కాదు, కాలానిది" అని నేను రాసుకుంటే, పంక్తి మారేచోట 'కాదు' జారిపోయి, "తప్పు ఆమెది, కాలానిది" అని మిగిలింది. వాక్యం హాయిగా సాగిపోతోంది. కానీ నవలంతా నేను వెనకేసుకొచ్చిన ఇల్లాలు ఆ ఒక్క మాటతో దోషి అయిపోయింది. నాకెందుకు కనపడలేదంటే, నేను కాగితాన్ని చదవలేదు; నా మనసులో ఉన్నదాన్ని చదువుకున్నాను.

ఇది అచ్చుయంత్రంతో పుట్టిన జబ్బు కాదు. తాటాకుల కాలంనుంచీ ఉంది. గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూస్తే గానీ అక్షరం పైకి కనపడదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఆకు అంచు వచ్చిన చోట మాట సగంలో విరిగినా కింది పంక్తిలోకి పోవలసిందే. లేఖకుడు మూలంలోంచి నాలుగు మాటలు మనసులో పట్టుకుని, తన ఆకుమీద గీసి, మళ్ళీ మూలంవైపు చూస్తాడు. కన్ను కాస్త వెనక వాలితే రాసిన మాటే మళ్ళీ రాస్తాడు. కాస్త ముందు వాలితే మధ్య మాట ఎగిరిపోతుంది. రెండు తప్పులూ ఒక తల్లి బిడ్డలే. అందుకే కాబోలు, ఉన్నదున్నట్టు రాశాను, తప్పు నాది కాదని ప్రతి చివర రాసుకోవడం లేఖకులకు ఆనవాయితీ.

ఈ చిక్కుతో మా కడపలో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినవాడు సి.పి. బ్రౌన్ దొర. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, తన జీతం డబ్బుతో పండితులను పోషించి, ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాడు. ఆయన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి.

పద్యానికి ఒక కాపలాదారు ఉన్నాడు, ఛందస్సు. ఆటవెలది రెండో పాదానికి అయిదు సూర్యగణాలుండాలి. మొదటి గణం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ యతి కుదరాలి. నేనే కట్టిన పాదమొకటి చూడండి: "మాట వినని వాని మార్చగలమె". మాట, వినని, వాని, మార్చ, గలమె: సరిగ్గా అయిదు. 'మా'కు 'మా' యతి. ఇప్పుడు 'వాని' రెండుసార్లు పడిందనుకోండి, గణాలు ఆరవుతాయి, యతి స్థానంలోకి 'వా' వచ్చి కూర్చుంటుంది. 'వాని' జారిపోతే గణాలు నాలుగే, యతిచోట 'గ' నిలుస్తుంది. ఎటు పోయినా దొంగ దొరికిపోతాడు.

అయితే కాపలాదారుకూ కునుకు పడుతుంది. 'వినని' బదులు 'వినిన' అని రాస్తే గణం చెడదు, యతి చెడదు, అర్థం మాత్రం తలకిందులవుతుంది. అక్కడ ఇంకో ప్రతి చూడక తప్పదు. అదీ ఊరికే లెక్కపెడితే చాలదు. అయిదు ప్రతుల్లో ఒకే విడ్డూరమైన తప్పు ఉంటే అవి అయిదు సాక్ష్యాలు కావు. ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్న ఒకే సాక్ష్యం.

మన భాషలో ఇంకో తిరకాసుంది. 'చిన్న చిన్న పిల్లలు', 'మెల్ల మెల్లగా' అంటాం. పంక్తి చివర 'చిన్న', కింద మళ్ళీ 'చిన్న' ఉంటే అది తప్పా, అందమా? దిద్దబోయి కొట్టేస్తే రచయిత నోటి మాట పోతుంది. పద్యంలో గణం చెబుతుంది. వచనంలో రాసినవారిని అడగాలి, లేదా మూలం తీసి చూడాలి.

నావంటి వచనం రాసేవాళ్ళకు గణాల కాపలా లేదు. అందుకే అప్పటినుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అత్తమ్మ ప్రూఫు పైకి చదువుతుంది, నేను రాతప్రతిమీద వేలు పెట్టుకుని వింటాను. పంక్తి చివరి మాటనూ, కింది పంక్తి మొదటి మాటనూ విడిగా కలిపి పలుకుతుంది. 'కాదు', 'లేదు', 'వద్దు' వచ్చినచోట ఆగుతుంది. గంటకు నాలుగు పేజీలు దాటవు.

ఆ రోజు 'కాదు' మార్జిన్‌లో రాసి గుర్తు పెట్టాక, అత్తమ్మ ఆ వాక్యం ఇంకోసారి చదువుకుని, "అమ్మయ్య, ఆ పిల్ల బతికిపోయింది" అంది.