బెంచీ మీద ఐదో అబ్బాయి

పాత స్కూలు గ్రూపు ఫోటోలో ఎవరెవరో పేర్లు కనుక్కోవాలంటే మొహాలతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. "అచ్చం మన చిన్నాడి పోలికే" అని ఒకరంటే చాలు, అక్కడున్న అందరికీ ఆ పోలికే కనబడటం మొదలవుతుంది. ముందు తలలు లెక్కపెట్టుకోవాలి.

మా ఇంట్లో ఉన్నది మా మామగారి ఎస్.ఎస్.ఎల్.సి. గ్రూపు ఫోటో. ముందు వరుసలో పెట్టిన పలక మీద సుద్దతో "బోర్డు హైస్కూలు, సిక్స్‌త్ ఫారం, 8-3-58" అని రాసుంది. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చింది 1959 చట్టంతో కాబట్టి తేదీకీ స్కూలు పేరుకీ పొత్తు కుదిరింది. అట్ట మీద పేర్లు మాత్రం లేవు. ఉండేవే కాబోలు, అట్ట కింది భాగం చెదలు తినేసింది.

వెనక బెంచీ మీద నిలబడ్డ వరుసలో ఐదో అబ్బాయి తల పైన చిన్న సిరా చుక్క ఉంది. అది అత్తయ్యగారి అత్తగారు పెట్టించిన గుర్తట. ఆ అబ్బాయి మామగారి పెదనాన్నగారి కొడుకని, ఇద్దరూ ఒకే క్లాసని అందరం వింటూ వచ్చాం. ఆయన 1960లో టైఫాయిడ్‌తో పోయారు. పెళ్ళి కాలేదు, వేరే ఫోటో లేదు. తద్దినం రోజున ఈ గ్రూపు ఫోటోకే పువ్వు పెట్టేవారు. ఆ ఒక్క మొహాన్నీ పెద్దది చేయించి పటం కట్టిద్దామని మావారు అన్నప్పుడు, కట్టించే ముందు సరిచూద్దామన్నాను నేను.

ముందు పెద్ద కాగితం మీద ఫోటోలో ఉన్నట్టే గళ్ళు గీశాం. కింద జంపఖానా మీద ఎనిమిది మంది, కుర్చీల్లో తొమ్మిది మంది మాస్టార్లు, వాళ్ళ వెనక నిలబడినవాళ్ళు పద్నాలుగు, బెంచీ మీద పదమూడు. మాస్టార్లని తీసేస్తే ముప్ఫై అయిదు. నిలబడిన వరుసలో ఆ చివరనున్నాయన పిల్లాడు కాదు, స్కూలు ప్యూను. ఫోటోల్లో ప్యూను ఓ చివర నిలబడటం మామూలే, కానీ రిజిస్టర్లో ఆయన పేరు దొరకదు. ఈయన్ని లెక్కలోంచి తీయకపోతే ఎవరో ఒక పిల్లాడి పేరు ఆయనకి అంటుకుంటుంది. అలా పిల్లలు ముప్ఫై నలుగురు తేలారు.

తరవాత స్కూలుకి వెళ్ళాం. హాజరు పట్టీలు దొరకలేదు, వాటిని కొన్నేళ్ళయ్యాక తీసేస్తారు. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం శాశ్వతంగా ఉంచేది. ఉత్తరం రాసిచ్చాక హెడ్‌మాస్టరుగారు తన ఎదురుగా కూర్చుని చూసుకోమన్నారు. ఈ రిజిస్టర్లో క్లాసులవారీగా పేర్లు ఉండవు, పిల్లలు చేరిన వరసనే ఉంటాయి. ఒకే క్లాసు వాళ్ళని పట్టుకోవాలంటే కుడి వైపున్న గడులు చూడాలి: బడి విడిచిన తేదీ, విడిచినప్పటి క్లాసు. సిక్స్‌త్ ఫారం నుంచి 1958 వేసవిలో విడిచినవాళ్ళని ఏరితే ముప్ఫై ఆరుగురు వచ్చారు. ఫోటోలో ముప్ఫై నలుగురు. ఇద్దరు తక్కువ. ఆ రోజు రానివాళ్ళో, ఫోటోకి వాటా డబ్బులు ఇవ్వలేనివాళ్ళో అయ్యుంటారు. ఈ మాత్రం తేడా ఉంటే బెంగపడక్కర్లేదు. ఫోటోలో తలలే ఎక్కువైతే లెక్క మళ్ళీ చూసుకోవాలి.

ఆ ముప్ఫై ఆరు పేర్లలో మా పెద్దమామగారి పేరు లేదు!

వెనక్కి తిప్పి చూస్తే ఉంది. చేరినది మామగారితోనే, నంబర్లు కూడా ఒకదాని పక్కన ఒకటి. కానీ బడి విడిచిన తేదీ 10-1-58. నాన్నగారికి బదిలీ. అంటే ఫోటో తీసేనాటికి టి.సి. తీసుకుని రెండు నెలలు. "మరి ఫోటో కోసం వచ్చుంటాడేమో" అన్నారు అత్తయ్యగారు. అనరని కాదు. పరీక్షల ముందు, వేరే ఊరి నుంచి, రైలెక్కి... తేదీ ఒక్కటే పట్టుకుని ఆ చుక్కని చెరపడానికి నాకూ మనసొప్పలేదు.

మామగారి క్లాసులో చదువుకున్న ఒకాయన విశాఖపట్నంలో ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు "ఇది ఫలానా ఆయనేనా?" అని అడగొద్దని మావారికి ముందే చెప్పాను. అలా అడిగితే ఎనభై దాటినవాళ్ళు మన మాట కాదనలేక ఔననేస్తారు. ఫోటో చేతికిచ్చి, "మీరు ఎక్కడున్నారండీ?" అని మాత్రం అడిగాం. బెంచీ వరుసలో నాలుగో మొహం మీద వేలు పెట్టారు. "నా పక్కన ఎవరుంటారు, నా బెంచీవాడే. మూడేళ్ళు ఒకే బెంచీ" అని ఐదో అబ్బాయి పేరు చెప్పారు. అది మా పెద్దమామగారి పేరు కాదు. ఆ పేరు ముప్ఫై ఆరులో ఉంది. ఫోటోగ్రాఫరు ఎత్తు చూసి వరుసలు కట్టినా, ఒక వరుసలో పక్కపక్కన నిలబడేది స్నేహితులే. అందుకే ఎవరు ఏ బెంచీలో కూర్చునేవారో అడగటం మంచిది.

ఆయన పెట్టెలో 1957 నాటి స్కూలు మ్యాగజైను కూడా ఉంది. అందులో వాలీబాల్ టీము ఫోటో, కింద "నిలుచున్నవారు, ఎడమ నుండి కుడికి" అని ఐదు పేర్లు. మొదటిది ఈయన పేరు, రెండోది మా పెద్దమామగారిది, నాలుగోది ఆ బెంచీ స్నేహితుడిది. మావారు గబగబా ఎడమ నుంచి రెండో మొహం చూశారు. అది మా ఫోటోలో చుక్క పెట్టిన అబ్బాయి మొహమే! "చూశావా, మనవాడే" అన్నారు.

ఒక్క నిమిషం ఆగమన్నాను. అందరి చొక్కాల జేబులూ మనకి ఎడమ చేతి వైపు కనబడుతున్నాయి. చొక్కా జేబు తొడుక్కున్నవాళ్ళ ఎడమ రొమ్ము మీద ఉంటుంది, కాబట్టి ఎదురుగా చూసే మనకి కుడి వైపు కనబడాలి. మా గ్రూపు ఫోటోలో అలాగే ఉంది, పలక మీద అక్షరాలు కూడా సరిగ్గా ఉన్నాయి. మ్యాగజైనులో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయింది. పేర్లు మాత్రం అసలు ఫోటో చూసి రాసినవి. పెద్దాయన్ని "ఇందులో మీరెక్కడ?" అంటే కుడి చివర చూపించారు, పేరేమో ఎడమ నుంచి మొదటిది. ఇంక సందేహం లేదు. పేర్లు కుడి నుంచి చదువుకోవాలి. అప్పుడు ఎడమ నుంచి రెండో మొహం నాలుగో పేరుది, అంటే బెంచీ స్నేహితుడిది. మా పెద్దమామగారు కుడి నుంచి రెండో ఆయన, పెద్దాయన పక్కనే.

గోరంత మొహం. అచ్చు చుక్కలు చుక్కలుగా ఉంది, పెద్దది చేస్తే ఇంకా చెదిరిపోతుంది. చెవులు కొంచెం బయటికి, నవ్వీనవ్వనట్టు మూతి. అత్తయ్యగారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఇన్నేళ్ళూ ఎవరి పిల్లాడికో పువ్వు పెట్టామన్నమాట" అన్నారు. ఆ స్నేహితుడు నాలుగేళ్ళ కిందటి దాకా బతికే ఉన్నారని పెద్దాయన చెప్పారు. అది మాత్రం అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.

పటం కట్టించలేదు. మ్యాగజైను పేజీని జెరాక్సు కాకుండా మంచి స్కానింగు తీయించి, బొమ్మని అద్దం తిప్పినట్టు తిప్పించి అచ్చు వేయించాం. గళ్ళ కాగితంలో ఇప్పటికి ఇరవై రెండు పేర్లు పడ్డాయి. రిజిస్టరు, మనిషి జ్ఞాపకం రెండూ కలిసినవి సిరాతో, ఒక్కటే ఆధారం ఉన్నవి పెన్సిలుతో రాశాను. జంపఖానా మీద కూర్చున్న నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురి గళ్ళు ఖాళీ. రిజిస్టర్లో ముగ్గురి పేర్లూ ఉన్నాయి, కానీ ఎవరు ఎవరో తేలాలి. పెళ్ళయ్యాక ఇంటిపేర్లు మారిపోయి, ఏ ఊరు వెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. పెద్దాయన చెల్లెలు ఆ కిందటి క్లాసులో చదివారట. వచ్చే నెల కాకినాడ వెళ్ళినప్పుడు ఆవిడకి చూపించాలి.