ఒక్క తేదీ నుండి గడువు శ్రేణికి: మూడంచనాల పద్ధతి చరిత్ర – దిగువ కృష్ణా డెల్టాకు అన్వయం

1. ఉపోద్ఘాతం

ఒక నిర్మాణం ఎప్పటికి పూర్తవుతుందన్న ప్రశ్నకు ఒకే తేదీని సమాధానంగా ఇవ్వడం పరిపాలనలో స్థిరపడిన అలవాటు. ఆ తేదీ వెనుక ఉన్న అనిశ్చితి అందులో కనిపించదు. ఒకే తేదీకి బదులుగా అనుకూల, సంభావ్య, ప్రతికూల పరిస్థితులకు మూడు కాలావధులు అడిగి, వాటి నుండి గడువు శ్రేణిని రాబట్టే పద్ధతి ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో రూపొందింది. ఆ పద్ధతి పుట్టుకను, అందులోని ఊహలను పరిశీలించి, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నిర్మాణకాలానికి అది ఎంతవరకు వర్తిస్తుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పద్ధతి పుట్టుక

అమెరికా నౌకాదళం 1950వ దశకం ద్వితీయార్ధంలో జలాంతర్గామి నుండి ప్రయోగించే పొలారిస్ క్షిపణి నిర్మాణాన్ని చేపట్టింది. అంతకుముందు ఎవరూ చేయని పని కావడం వల్ల ప్రతి దశకూ ఒకే కాలావధి చెప్పడం ఇంజనీర్లకు సాధ్యం కాలేదు. 1958లో నౌకాదళపు ప్రత్యేక ప్రాజెక్టుల కార్యాలయం, లాక్‌హీడ్ సంస్థ, బూజ్ అలెన్ అండ్ హామిల్టన్ సలహాసంస్థ కలిసి పెర్ట్ అనే విధానాన్ని రూపొందించాయి. మాల్కమ్, రోజ్‌బూమ్, క్లార్క్, ఫజార్ అనే నలుగురు దానిని 1959లో ఒక పరిశోధన పత్రంగా ప్రకటించారు. ప్రతి పనికి మూడు అంచనాలు తీసుకొని సగటు కాలాన్ని, విచలనాన్ని ఇలా లెక్కించాలని వారు ప్రతిపాదించారు.

```
t = (a + 4m + b) / 6
s = (b - a) / 6
```

ఇక్కడ a అనుకూల అంచనా, m సంభావ్య అంచనా, b ప్రతికూల అంచనా. అన్నీ కలిసివస్తే పట్టే కాలం a, అన్నీ ఎదురుతిరిగితే పట్టే కాలం b. ఈ సూత్రం అనేక నిర్మాణాలను కొలిచి కనుగొన్నది కాదు. పనుల కాలవ్యవధులు వాస్తవంగా ఎలా విస్తరిస్తాయో తెలిపే సమాచారం తమవద్ద లేదనీ, లెక్కకు వీలుగా ఉంటుందని బీటా విభాజనాన్ని ఎంచుకున్నామనీ క్లార్క్ 1962లో వివరించాడు. కాబట్టి సూత్రం ఇచ్చే ఫలితం విలువ అడిగి తెలుసుకొన్న మూడు సంఖ్యల నాణ్యతను మించదు. పొలారిస్ విజయంలో పెర్ట్ నిర్వహించిన పాత్ర, ప్రచారంలో ఉన్నంత పెద్దది కాదని హార్వే సపోల్‌స్కీ 1972లో వాదించడం కూడా ఈ సందర్భంలో గమనార్హం.

3. డెల్టాలో ఒక ఉదాహరణ

దివిసీమలోని ఒక పంటకాలువపై శిథిలమైన రెగ్యులేటరును తొలగించి కొత్తది కట్టాలనుకొందాం. కింది సంఖ్యలు పద్ధతిని వివరించడానికి ఊహించినవి. ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చే నీటిని వేసవిలో ఆపినప్పుడే కాలువలో పని సాధ్యం. ఏప్రిల్ 15న కాలువ కట్టివేసి జూన్ 10న మళ్లీ నీరు వదులుతారనుకొంటే 56 రోజులు లభిస్తాయి.

పనిని మూడు దశలుగా విభజించవచ్చు. మొదటిది అడ్డుకట్ట వేసి నీరు తోడివేయడం. దీనికి 6, 8, 16 రోజులు. రెండవది పాత కట్టడాన్ని పడగొట్టి పునాది కాంక్రీటు వేయడం. దీనికి 12, 15, 30 రోజులు. మూడవది గోడలు కట్టి షట్టర్లు బిగించడం. దీనికి 18, 21, 42 రోజులు. సూత్రం ప్రకారం వీటి సగటులు వరుసగా 9, 17, 24 రోజులు. మొత్తం 50 రోజులు. సంభావ్య అంచనాలను మాత్రమే కూడితే 44 రోజులే వస్తాయి. ప్రతి దశలోనూ కలిసివచ్చే రోజులు కొద్ది, ఎదురుతిరిగే రోజులు ఎక్కువ కావడమే ఈ ఆరు రోజుల తేడాకు కారణం. ఒకే తేదీ చెప్పే అధికారి సాధారణంగా చెప్పేది ఈ 44వ రోజునే, అంటే మే 29నే.

దశల విచలనాలు సుమారు 1.7, 3, 4 రోజులు. వీటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 5.3 రోజులు వస్తుంది. ఆ లెక్కన మే 29 నాటికి పని పూర్తయ్యే అవకాశం నూటికి 13 మాత్రమే. జూన్ 10 నాటికి నూటికి 87. మూడు దశలతోనే సామాన్య విభాజనాన్ని వాడడం వల్ల ఇవి స్థూలమైన సంఖ్యలు.

4. ప్రతికూల అంచనాకు చరిత్ర ఆధారం

ఈ లెక్కలో దాగిన ఊహ ఒకటుంది. ఒక దశ ఆలస్యానికీ మరొక దశ ఆలస్యానికీ సంబంధం లేదని అది భావిస్తుంది. దిగువ డెల్టాలో ఆ ఊహ నిలవదు. 1990 మే 9న మచిలీపట్నానికి నైరుతి దిశలో తీవ్ర తుపాను తీరం దాటింది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల సమీపంలో తీరాన్ని తాకింది. రెండూ కాలువలు కట్టివేసే వేసవిలోనే వచ్చాయి. అలాంటి వర్షానికి అడ్డుకట్ట తెగుతుంది, పునాది గుంట నిండుతుంది, ఇసుక, కంకర రవాణా ఆగుతుంది. ఒకే కారణం అన్ని దశలనూ ఒకేసారి వెనక్కి నెడుతుంది. మూడు దశలూ పూర్తిగా కలిసి కదులుతాయనుకొంటే విచలనాలను నేరుగా కూడాలి. అప్పుడది సుమారు 8.7 రోజులు. జూన్ 10 నాటికి పూర్తయ్యే అవకాశం నూటికి 75కు తగ్గుతుంది. అంటే గడువు తప్పే ప్రమాదం దాదాపు ఎనిమిదింట ఒకటి నుండి నాలుగింట ఒకటికి పెరుగుతుంది. వాస్తవం ఈ రెండింటి మధ్య ఉంటుంది.

ప్రతికూల అంచనాను ఇంజనీరు ఊహకు వదలకుండా తుపాను చరిత్ర నుండీ, గత వేసవుల్లో పనులు నిజంగా ముగిసిన తేదీల నుండీ తీసుకోవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతుంది. పూర్తయిన పనుల్లో సగానికి మించి సగటు గడువును దాటుతున్నట్లు రికార్డుల్లో కనిపిస్తే, b విలువను తక్కువగా చెబుతున్నారని గ్రహించాలి.

5. శ్రేణి తెగిపోయే చోటు

కాలువ పనులకు మరొక ప్రత్యేకత ఉంది. సూత్రం ప్రకారం జూన్ 10 తరువాత జూన్ 15 వస్తుంది. వాస్తవంలో జూన్ 10 నాటికి పని ముగియకపోతే నారుమళ్లకు నీరు వదలక తప్పదు. అసంపూర్తి కట్టడం తరువాతి వేసవి దాకా ఆగుతుంది. నీటిని ఆపితే కాలువ చివరనున్న భూముల సాగు వెనకబడి, కోతలు తుపాను నెలల్లోకి జరుగుతాయి. కాబట్టి ఇక్కడ నిజాయితీగల గడువు “మే 29 నుండి జూన్ 15 వరకు” అన్న శ్రేణి కాదు. “జూన్ 10 లోపు పూర్తయ్యే అవకాశం నాలుగింట మూడు పాళ్లు, లేకుంటే వచ్చే వేసవి” అన్నదే. గుడివాడ పరిసరాల కాలువలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

పద్ధతికి అందని ఆలస్యాలూ ఉన్నాయి. మచిలీపట్నం ఓడరేవుకు 2008, 2019, 2023 సంవత్సరాల్లో మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. ఇన్నేళ్ల వ్యవధికి మూలం తవ్వకానికో కాంక్రీటుకో పట్టిన రోజులు కాదు. పని మొదలు కావడానికి కావలసిన భూమి, నిధులు, ఒప్పందాలు. మూడంచనాలు పని మొదలైన తరువాతి కాలాన్నే కొలుస్తాయి. ప్రారంభమే అనిశ్చితమైనప్పుడు గడువును తేదీగా కాక, “భూమి అప్పగించిన నాటి నుండి ఇన్ని నెలలు” అని చెప్పడమే సరైనది.

6. ముగింపు

మూడంచనాల పద్ధతి క్షిపణి నిర్మాణంలో పుట్టినా, అది అడిగే మూడవ సంఖ్య స్థానిక చరిత్రకు సంబంధించినది. దిగువ కృష్ణా డెల్టాలో ఆ సంఖ్యకు ఆధారాలు కాలువలు కట్టిన తేదీలు, నీరు వదిలిన తేదీలు, మే నెల తుపానులు. వీటిని సేకరించి పోల్చడం నీటిపారుదల ఇంజనీరుకు ఎంత అవసరమో, ప్రాంతీయ చరిత్ర పరిశోధకునికీ అంతే అందుబాటులో ఉన్న పని. అది జరిగినప్పుడు 44 రోజుల హామీకి బదులుగా, రైతు తన నారుమడి నిర్ణయానికి ఆధారం చేసుకోదగిన గడువు లభిస్తుంది.